మా ఊరి గుడిని రాయలవారే కట్టించారా? ఒక్క ఆధారం ఎప్పుడు చాలుతుంది, ఎప్పుడు చాలదు (తరచుగా అడిగే ప్రశ్నలు)

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఊరి చరిత్ర రాసుకుంటున్నవాళ్లు, గుడి దగ్గర బోర్డు పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. దాదాపు అందరి చేతిలోనూ ఒకే ఆధారం ఉంటుంది. చాలామందికి అది ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న పాత ఊరి చరిత్ర, అంటే కైఫీయతు, కొందరికి శాసనం, ఇంకొందరికి తాతగారు చెప్పిన మాట. ఆ ఒక్కదాని మీద ఎంత బరువు పెట్టవచ్చన్నదే ఇక్కడి విషయం. చెప్పడానికి వీలుగా ఒక ఊరిని ఊహించుకుని, దాని గుడి సంగతిని మొదటి నుంచి చివరిదాకా పరీక్షిస్తాను. ఆ ఊరు కల్పితం. మిగతా ఊళ్లు, రాజులు, సంవత్సరాలు నిజమైనవి.

మా ఊరి కైఫీయతులో "ఈ గుడి కృష్ణదేవరాయలు కట్టించినది" అని స్పష్టంగా ఉంది. అది చాలదా?

ఆ ఒక్కదానితో అంత మాట చెప్పలేం. ఎందుకో తెలియాలంటే కైఫీయతు ఎలా పుట్టిందో చూడాలి.

1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో కల్నల్ కాలిన్ మెకంజీ కోసం పనిచేసినవాళ్లు ఊరూరా తిరిగి కరణాలు, పెద్దలు, అర్చకులు చెప్పినవి రాసుకున్నారు. కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య ఆ పనిలో ముఖ్యులు. కరణం దగ్గర కవిలె, అంటే ఊరి పాత లెక్కల పుస్తకం ఉంటే దాన్ని చూసి చెప్పేవాడు, లేకుంటే తనకు గుర్తున్నది చెప్పేవాడు. తర్వాత ఆ కాగితాలు పాడవుతుంటే సి.పి. బ్రౌన్ చాలావాటికి నకళ్లు రాయించాడు. మనం ఇవాళ అచ్చులో చదివేది తరచుగా నకలుకు నకలు.

ఇప్పుడు లెక్క చూడండి. కృష్ణదేవరాయలు పాలించింది 1509 నుంచి 1529 వరకు. కైఫీయతు రాసింది 1800 తర్వాత. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లున్నాయి. చెప్పిన కరణం గుడి కట్టడం చూడలేదు, చూసినవాళ్లను చూసినవాళ్లూ అతనికి తెలియదు. అతని కవిలెలో పాత శాసనం నకలుంటే ఆ మాటకు విలువ వస్తుంది. లేకుంటే 1800 నాటికి ఊళ్లో జనం ఏం నమ్మేవారో దానికి మాత్రమే అది సాక్ష్యం.

ఇంకో సంగతి కూడా ఉంది. థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు. ఎవరి ఇనాం నిలుస్తుంది, ఎవరి మాన్యం పోతుంది, పాలెగాళ్లకు ఏం మిగులుతుంది అని ఊళ్లన్నీ టెన్షన్‌తో ఉన్న కాలమది. అలాంటప్పుడు "మా మాన్యం రాయలవారిచ్చింది" అని చెప్పడంలో ప్రయోజనం ఉంది. అందుకని ప్రతి కరణమూ అబద్ధం చెప్పాడని అనకూడదు. కానీ చెప్పినవాడికి ఆ మాట వల్ల లాభం ఉన్నచోట రెండో సాక్ష్యం అడగాలి. చెప్పినవాడికే నష్టం కలిగించే మాటైతే, ఉదాహరణకు "ఈ మాన్యం మాది కాదు, పక్క ఊరి గుడిది" అని ఉంటే, దాన్ని ఒంటరిగానైనా చాలావరకు నమ్మవచ్చు.

అయితే ఒక్క ఆధారమే చాలిన సందర్భాలు అసలుంటాయా?

ఉంటాయి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి ఉదాహరణ. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువును తవ్వించాడని రాయి మీద చెక్కించి చెరువు దగ్గరే నిలబెట్టారు. శాలివాహన శకం 1291, సౌమ్య సంవత్సరం, అంటే సా.శ. 1369. చెరువు ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక్క ఆధారం ఎందుకు చాలిందో గమనించండి. రాసింది ఆ కాలంలోనే. చెరువు తవ్వించిన సంగతిని నమోదు చేయడానికే ఆ శాసనాన్ని చెక్కించారు, వేరే విషయం చెబుతూ మధ్యలో అన్న మాట కాదు. తవ్వింది ఎవరో కళ్లారా చూసిన ఊరి జనం మధ్యే ఆ రాయిని నిలబెట్టారు కాబట్టి తప్పు పేరు చెక్కిస్తే నిలిచేది కాదు. చెరువే ఎదురుగా ఉంది. పైగా తేదీలోని రెండు భాగాలు ఒకదానితో ఒకటి కుదురుతున్నాయి, అదెలాగో కింద చెబుతాను.

అదే శాసనం రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని కూడా అంటుంది. ఈ మాటకు నేను అంత బరువు ఇవ్వను. వెయ్యి, వంద అనేవి పొగడ్తలో సులువుగా వచ్చే అంకెలు. "చాలా పెద్ద పని, చాలామంది చేశారు" అన్నంతవరకు తీసుకుంటాను. ఒకే రాయి మీది ఒక మాటకు ఆ రాయి చాలుతుంది, పక్కనే ఉన్న ఇంకో మాటకు చాలదు. కాబట్టి "ఈ ఆధారం నమ్మదగ్గదా" అని మొత్తంగా అడిగితే జవాబు రాదు. ఏ మాటకు ఆధారమో ఆ మాటను పక్కన పెట్టుకుని అడగాలి.

మా గుడి శాసనంలోనే రాయలవారి పేరుంది. అప్పుడైనా ఆయనే కట్టించినట్టు కాదా?

నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. విజయనగర కాలపు శాసనం మామూలుగా "స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శకవర్షంబులు" అని మొదలై, సంవత్సరం, మాసం, తిథి, వారం చెప్పి, ఆ తర్వాత "శ్రీ వీరప్రతాప కృష్ణదేవమహారాయలు పృథ్వీరాజ్యం చేయుచుండగాను" అంటుంది. ఇక్కడ రాజు పేరు ఎందుకొచ్చింది? కాలం చెప్పడానికి. ఆయన ఏలుబడిలో జరిగిందని మాత్రమే దాని అర్థం. ఇచ్చిందెవరు, ఏమిచ్చారు, ఎవరికిచ్చారు అన్నవి ఆ తర్వాత వస్తాయి. ఇచ్చినవాడు చాలాసార్లు ఒక నాయకుడో, ఊరి రెడ్డో, వర్తకుల సంఘమో అయి ఉంటుంది.

ఇంకో మాట కూడా కనిపిస్తుంది: "రాయలవారికి పుణ్యముగాను". కింది అధికారి తన దానం వల్ల వచ్చే పుణ్యం రాజుకు దక్కాలని చెక్కించే మాట అది. రాజే ఇచ్చి ఉంటే ఆ మాట రాయాల్సిన పనే లేదు. అంటే అది రాజు ఇవ్వలేదనడానికి దాదాపు సాక్ష్యం.

కాబట్టి శాసనంలో క్రియ ఎక్కడుందో వెతకండి. "ఇచ్చిన", "సమర్పించిన", "ప్రతిష్ఠ చేసిన", "కట్టించిన" వీటిలో ఏదుంది, దానికి కర్త ఎవరు అన్నది తేలాక బోర్డు సంగతి ఆలోచించాలి. మాన్యం ఇచ్చిన శాసనం గుడి కట్టడానికి సాక్ష్యం కాదు. గుడి అప్పటికే ఉందనడానికి మాత్రం బలమైన సాక్ష్యం.

కైఫీయతులోని తేదీని ఇంట్లో కూర్చునే పరీక్షించవచ్చా?

చాలావరకు పరీక్షించవచ్చు. శక సంవత్సరానికి 78 కలిపితే సా.శ. సంవత్సరం వస్తుంది. మాసం పుష్యం చివరో, మాఘమో, ఫాల్గుణమో అయితే 79 కలపాలి. ఇది అందరికీ తెలిసిందే. పనికొచ్చే పరీక్ష దాని తర్వాతది. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన సంఖ్య ప్రభవ నుంచి లెక్కపెడితే ఎన్నో సంవత్సరమో చెబుతుంది. సున్నా మిగిలితే అక్షయ.

పోరుమామిళ్లతో చూద్దాం. 1291కి 12 కలిపితే 1303. అరవైతో భాగిస్తే 43 మిగులుతుంది. ప్రభవ నుంచి నలభై మూడోది సౌమ్య. శాసనంలో ఉన్నదీ సౌమ్యే. అంకె, పేరు కలిశాయి.

ఇప్పుడు మన కల్పిత ఊరికి వద్దాం. దాని కైఫీయతు ఇలా ఉందనుకుందాం: "శా.శ. 1432 వికృతి సంవత్సరంలో కృష్ణదేవరాయలవారు ఈ చెన్నకేశవస్వామి గుడి కట్టించి మాన్యం ఇచ్చినారు." 1432 అంటే 1510. రాయలు అప్పటికి సింహాసనం మీదే ఉన్నాడు కాబట్టి పైకి అంతా బాగానే ఉంది. కానీ 1432కి 12 కలిపితే 1444, అరవైతో భాగిస్తే 4 మిగులుతుంది. నాలుగోది ప్రమోదూత. వికృతి ఇరవై నాలుగోది. అంటే అంకె తప్పో, పేరు తప్పో, రెండూ తప్పో.

వికృతి ఎప్పుడు వచ్చింది? శా.శ. 1392లో, మళ్లీ 1452లో. సా.శ.లో 1470, 1530. 1432కీ 1452కీ తేడా ఒక్క అంకె. నకలు రాసేటప్పుడు ఒక అంకెను తప్పు చదవడం సులువు. సంవత్సరం పేరును పొరపాటున ఇంకో పేరుగా మార్చడం అంత సులువు కాదు, ఎందుకంటే అక్షరాలన్నీ మారాలి. కాబట్టి 1452 అనే ఊహ బలంగా ఉంది. అదే నిజమైతే అది 1530. అప్పటికి కృష్ణదేవరాయలు లేడు, పాలిస్తున్నది అచ్యుతదేవరాయలు. ఒక్క కైఫీయతు చేతిలో ఉండగానే, ఏ ఊరికీ వెళ్లకుండానే, రాయలవారి పేరు అనుమానంలో పడింది. అయినా ఇది ఊహే. దీన్ని తేల్చేది రాయి.

సంవత్సరం ఒకటి అటూ ఇటూ అయితే ఆ ఆధారాన్ని పారేయాలా?

వద్దు. ఒక ఏడాది తేడా శాసనాల్లో మామూలే. గతించిన సంవత్సరాలు లెక్కపెట్టడం, నడుస్తున్న సంవత్సరాన్ని లెక్కపెట్టడం అనే రెండు పద్ధతులు కలిసిపోవడం దీనికి ముఖ్య కారణం. హంపీ విరూపాక్ష గుడిలో కృష్ణదేవరాయల పట్టాభిషేక కాలపు శాసనంలోనే శకం 1430, శుక్ల సంవత్సరం అని ఉంటుంది. మన లెక్క ప్రకారం శుక్ల 1431కి రావాలి. అంతమాత్రాన దాన్ని ఎవరూ దొంగ శాసనం అనలేదు. ఇరవై ఏళ్ల తేడా వస్తే మాత్రం ఆగి చూడాలి.

మాసం, తిథి, వారం కూడా ఉంటే ఇంకా మంచిది. స్వామికన్ను పిళ్ళె సా.శ. 700 నుంచి 1799 వరకు తయారుచేసిన పంచాంగ పట్టికలతో ఆ తిథి ఏ వారం పడిందో చూడవచ్చు. అయితే వారం కలవడం కాకతాళీయంగా కూడా ఏడింట ఒకసారి జరుగుతుంది. కలిసిందని మరీ సంబరపడకండి, కలవకపోతే మాత్రం పట్టించుకోండి.

ఈ సంగతి జిల్లా గెజెటీరులో ఉంది, రెండు పుస్తకాల్లో ఉంది, పేపర్లో వచ్చింది, ఇంటర్నెట్లోనూ ఉంది. ఐదు ఆధారాలైనట్టే కదా?

ఐదూ ఒకే చోటు నుంచి తీసుకుంటే అది ఒక్క ఆధారమే. కడప జిల్లా మాన్యువల్‌ను గ్రిబుల్ 1875లో, గెజెటీరును బ్రాకెన్‌బరీ 1915లో తెచ్చారు. అనంతపురం గెజెటీరు 1905 నాటిది, ఫ్రాన్సిస్ రాసినది. ఇవి విలువైన పుస్తకాలే. కానీ వాటిలో పాత చరిత్రకు ముందటి కాగితాలూ స్థానికంగా చెప్పుకునే మాటలూ ఆధారమైన చోట్లు చాలా ఉన్నాయి. తర్వాతి పుస్తకాలు గెజెటీరును చూశాయి, పేపరు ఆ పుస్తకాన్ని చూసింది, వెబ్‌సైటు పేపర్ని చూసింది. వెనక్కి నడిచి చూస్తే చివర అదే కరణం కూర్చుని ఉంటాడు.

ఒకదాన్ని చూసి ఇంకొకటి రాశారని ఎలా తెలుస్తుంది? తప్పులను చూడండి. అన్నింట్లోనూ 1432 అని ఉండి, అదే తప్పు అన్నిచోట్లా ఉంటే అవి ఒకదాని నుంచి ఒకటి దిగినవే. విడివిడిగా తెలుసుకున్నవాళ్లు ఒకే చోట ఒకేలా తప్పరు.

గండికోట సంగతి చూడండి. 1123లో కాపరాజు అనే సామంతుడు కోట కట్టించాడని, అతను కళ్యాణి చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుడి కింద ఉండేవాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. కానీ ఆహవమల్ల బిరుదున్న మొదటి సోమేశ్వరుడు 1068లోనే తుంగభద్రలో ప్రాణం వదిలాడు. 1123లో ఏలుతున్నది ఆరో విక్రమాదిత్యుడు. తేదీ నిజమైతే రాజు పేరు తప్పు, రాజు నిజమైతే తేదీ తప్పు. ఆ వాక్యం ఎన్ని వందల పేజీల్లో ఉన్నా ఈ చిక్కు తీరదు. వందోసారి రాసినవాళ్లూ ఆ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడలేదని మాత్రం తెలుస్తుంది.

మరి నిజమైన రెండో ఆధారం ఎలా ఉంటుంది?

మొదటిదాన్ని చూసే అవకాశమే లేని చోటు నుంచి రావాలి. దీనికి కర్నూలు జిల్లా ఎర్రగుడి అశోకుడి శాసనాలను గుర్తుచేసుకోవచ్చు. అశోకుడి శాసనాలు చాలావాటిలో రాజు పేరు ఉండదు, "దేవానాం ప్రియ ప్రియదర్శి" అని బిరుదులే ఉంటాయి. ప్రిన్సెప్ 1837లో ఆ లిపిని చదివినప్పుడు ఈ ప్రియదర్శి ఎవరో తేలలేదు. ప్రియదర్శి అంటే అశోకుడేనన్న సంగతి శ్రీలంకలోని పాళీ గ్రంథంలో టర్నర్‌కు దొరికింది. సిలోన్ భిక్షువుల తాటాకులకూ మన కొండరాళ్లకూ ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసే వీలు లేదు. అయినా ఆ గ్రంథం అశోకుడి తర్వాత కొన్ని శతాబ్దాలకు రాసినది కాబట్టి ఇంకా గట్టి రుజువుకు చోటుంది. 1915లో రాయచూరు జిల్లా మస్కిలో అశోక అనే పేరే ఉన్న శాసనం దొరికాక ఆ ప్రశ్న తీరింది.

మన ఊరి స్థాయిలో ఇదే పద్ధతి. కైఫీయతుకు రెండో సాక్ష్యం ఇంకో కైఫీయతు కాదు, రాయి. రాయికి రెండో సాక్ష్యం అదే నాయకుడి పేరు అదే కాలంలో పక్క తాలూకాలో ఇంకో శాసనంలో కనిపించడం. లేదా విదేశీ యాత్రికుడి రాత. ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే 1652లో గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. తాను అక్కడ ఉన్నాననీ, కోట అప్పుడు మీర్ జుమ్లా చేతిలో ఉందనీ చెప్పడానికి ఆయన ఒక్కడే చాలు. ఫిరంగులు పోయడానికి గుడి విగ్రహాలను కరిగించబోతే కొన్ని కరగలేదని కూడా రాశాడు. అది ఆయనకు ఇతరులు చెప్పిన కథ. ఆ మాటకు ఆయన సాక్షి కాదు, విన్నవాడు.

శాసనం మా గుడి ఆవరణలోనే ఉంది. అది మా గుడిదే కదా?

ముందు రాయి మీద దేవుడి పేరు, ఊరి పేరు చదవండి. మన వైపు రాళ్లు చాలా తిరిగాయి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతాయని సంగమేశ్వరం నుంచి రూపాల సంగమేశ్వర గుడినే విప్పి కర్నూలు జగన్నాథగట్టు మీద మళ్లీ నిలబెట్టారు. గుడే కదిలినప్పుడు ఒక బండ కదలడం పెద్ద విషయం కాదు. మెట్టుగా, గడపగా, చెరువు తూముకు రాయిగా వాడిన శాసనాలున్నాయి. రాయిలోని దేవుడు చెన్నకేశవుడై, మీ గుడి వీరభద్రుడిదైతే ఆ రాయి వేరే చోట నుంచి వచ్చిందని ముందుగా అనుకోవాలి.

ఇనాం రికార్డులో "కృష్ణదేవరాయలు ఇచ్చినది" అని ఉంది. అది సర్కారు కాగితం కదా?

సర్కారు కాగితమే, కానీ దేనికి? 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఆనాడు ఆ భూమి ఎవరి చేతిలో ఉంది, ఎంత ఉంది, ఏ సేవకు ఉంది అన్నవాటికి చాలా గట్టి ఆధారం. మొదట ఇచ్చిందెవరు అన్న గడిలో మాత్రం ఇనాందారు చెప్పుకున్నది చాలాసార్లు ఉంటుంది. పక్కన సన్నదు, అంటే దానపత్రం నకలు చూపించాడని ఉందో లేదో చూడండి. లేకుంటే ఆ గడి కైఫీయతు మాటకు ప్రతిధ్వనే.

తరతరాలుగా ఊళ్లో చెప్పుకునే మాటకు విలువ లేదా?

ఉంది, దాని పరిధిలో. తాత కళ్లారా చూసినవి, పొలం గట్లు, కాలువ దారులు, ఏ వీధి ఎప్పుడు ఖాళీ అయింది వంటివి ఊరి పెద్దలకు తెలిసినంత బాగా ఏ రికార్డులోనూ ఉండవు. ఒకరితో ఒకరికి రాకపోకలు లేని రెండు కుటుంబాలు ఒకే సంగతి చెబితే ఇంకా బలం. ఐదు వందల ఏళ్ల వెనక్కి వెళ్లేసరికి ఆ బలం మిగలదు.

లేపాక్షి వీరభద్రాలయంలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ ఆ గుడికి చేసిన సేవకు అక్కడి శాసనాలు నిలబడతాయి. రాజు కోపానికి భయపడి విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడన్న కథకు ఆధారం నోటి మాట, గోడ మీది ఎర్ర మచ్చలు. మచ్చ ఉందన్నది నిజం. అది నెత్తురని మచ్చ చెప్పదు. కథ అంటే నాకూ ఇష్టమే, దాన్ని కథగానే చెప్పాలి.

"మొట్టమొదటి", "అతి ప్రాచీన" అని రాయాలంటే?

ఒక్క ఆధారం ఎప్పుడూ చాలదు, అది ఎంత గట్టిదైనా. కడప జిల్లా కలమళ్లలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం తెలుగు శాసనాల్లో మొదటిదిగా పేరుపొందింది. దాని మీద తేదీ లేదు. సుమారు 575 అని అక్షరాల తీరును బట్టి, రేనాటి చోళుల వంశక్రమాన్ని బట్టి పండితులు కట్టిన కాలం. ధనంజయుడు చెక్కించాడన్నదానికి ఆ రాయి చాలు. మొదటిది అన్నదానికి మాత్రం దొరికిన తక్కిన తెలుగు శాసనాలన్నింటితో పోల్చి చూడాలి. అందుకే "ఇప్పటిదాకా దొరికినవాటిలో" అన్న మాట చేర్చితే ఆ వాక్యం సరైనదవుతుంది.

రాయి ఎక్కడ వెతకాలి? చదవడం ఎలా?

ముందు అచ్చయినవి చూడండి. భారత పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది. వారి వార్షిక నివేదికల్లో ఊరి పేరుతో సహా శాసనాల జాబితాలుంటాయి. దక్షిణ భారత శాసన సంపుటాల్లో పదహారోది విజయనగర రాజుల తెలుగు శాసనాలది. కడప జిల్లా శాసనాలను రాష్ట్ర పురావస్తు శాఖ విడిగా కూడా అచ్చు వేసింది. కైఫీయతులకైతే కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లండి.

గుడిలో రాయి కనిపిస్తే సున్నం గీకకండి, నూనె, సుద్దముక్క పూయకండి. సాయంత్రం ఎండ వాలాక పక్క నుంచి వెలుతురు పడేట్టు ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. నాలుగు వైపులా తీయండి, శాసనం రెండో ముఖం మీద కొనసాగడం మామూలే. సగం చదివినవాళ్లు రాజు పేరున్న ముఖం దగ్గర ఆగిపోవడం వల్లే చాలా బోర్డులు తప్పుగా పడ్డాయి.

మీరు చెప్పిన ఊహా ఊరి సంగతి చివరికి ఏమైనట్టు?

ముఖమండపం పక్కన సగం పూడిన రాయి దొరికిందనుకుందాం. అంకెలున్న చోట బండ పెచ్చు లేచిపోయింది. కానీ "వికృతి సంవత్సర" అన్నది స్పష్టంగా ఉంది, "అచ్యుతదేవమహారాయలు పృథ్వీరాజ్యం చేయుచుండగాను" అని ఉంది, ఒక నాయకుడు చెన్నకేశవదేవరకు భూమి "ఇచ్చిన" అని ఉంది. అచ్యుతరాయల పాలన 1529 నుంచి 1542 వరకు. ఆ మధ్యలో వికృతి ఒక్కసారే వస్తుంది, అది 1530. అంకె పోయినా తేదీ నిలిచింది.

ఇప్పుడు కైఫీయతు మాటను ముక్కలుగా విడదీయండి. మాన్యం ఇచ్చారన్నది నిజమైంది. వికృతి సంవత్సరం నిజమైంది. 1432 అన్న అంకె 1452కి పొరపాటు అయి ఉండాలి. కృష్ణదేవరాయలు అన్నది తప్పు, బహుశా తప్పు అంకెను చూసి ఎవరో రాజు పేరును సరిచేశారు, లేదా పెద్ద పేరు చిన్న పేరును మింగేసింది. గుడి కట్టించారన్నదానికి రాయి మద్దతు లేదు. 1530 నాటికి చెన్నకేశవుడు అక్కడ పూజలందుకుంటున్నాడు కాబట్టి గుడి అంతకుముందే ఉంది. ఎంత ముందో చెప్పాలంటే అధిష్ఠానం, స్తంభాల పనితనం చూడగలిగిన శిల్ప పండితుణ్ణి పిలవాలి. మండపం, గర్భగుడి ఒకే కాలానివని కూడా ముందే అనుకోకూడదు.

అయితే బోర్డు మీద ఏం రాయాలి?

ఈ ఊరికైతే ఇలా రాస్తాను: "ఈ చెన్నకేశవస్వామి గుడి 1530 నాటికే ఉంది. అచ్యుతదేవరాయల ఏలుబడిలో ఒక నాయకుడు స్వామికి భూమి ఇచ్చినట్టు ముఖమండపం పక్కనున్న శాసనం చెబుతోంది. గుడిని కృష్ణదేవరాయలు కట్టించాడని ఊరి కైఫీయతు అంటుంది." చివరి వాక్యం తీసేయమని కొందరు అంటారు. నేను ఉంచుతాను. రెండు శతాబ్దాలుగా ఊరు ఏం నమ్మిందో అదీ ఊరి చరిత్రలో భాగమే, ఆ మాట ఎవరిదో చెబితే చాలు.

రాయి ఎంత వెతికినా దొరకలేదు. కైఫీయతు తప్పని అనుకోవాలా?

దొరకనంత మాత్రాన తప్పు కాదు. చాలా రాళ్లు గోడల్లో కలిసిపోయాయి, కంకరైపోయాయి. ఆధారం ఉండి తీరాల్సిన చోట లేకపోతేనే మౌనాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గుడిలో ఎనిమిది శాసనాలుండి, అన్నీ రాయల కాలానివే అయి, ఏ ఒక్కటీ ఆయన కట్టించాడని అనకపోతే ఆ మౌనం గట్టిది. శాసనమే లేని గుడిలో మౌనానికి అర్థం లేదు. అప్పుడు "కైఫీయతు ప్రకారం" అని రాసి వదిలేయండి. రేపు గోడ మరమ్మతులో రాయి బయటపడితే మార్చుకోవడానికి బోర్డులో రెండు వరుసల చోటుంచండి. మేస్త్రీలకు ముందే చెప్పి పెట్టండి, అక్షరాలున్న బండ కనిపిస్తే ఉలి పెట్టకుండా కబురు చేయమని.